పేరూ ఊరూ లేని ఫైళ్లు

ఒక కథ పోయింది. పోయిందంటే బాగా రాలేదని కాదు, పోటీలో ఓడిందనీ కాదు. నిజంగానే పోయింది. ఎనిమిది పేజీల కథ. మా హనుమకొండలో రిటైరైన ఒక టీచర్ రాసింది. ఆమె చేత్తో రాసిన కాగితాలు లేవు, టైపు చేసిన ఫైలు లేదు, అది మోసుకొచ్చిన మెయిలూ లేదు. పోగొట్టినవాళ్లలో నేనొకణ్ని. అందుకే ఈ వ్యాసంలో ఎవరినైనా తిడితే ఆ వరసలో మొదట నేనే నిలబడతానని ముందే ఒప్పుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం మేం కొంతమంది మిత్రులం కలిసి ఓ కథల సంకలనం వేద్దామనుకున్నాం. దానికోసం ఒక కొత్త మెయిల్ ఐడీ తెరిచి, ముగ్గురం ఒకే పాస్‌వర్డ్‌తో వాడుకున్నాం. టీచర్ తన కథను చౌరస్తా దగ్గరి ఒక డీటీపీ సెంటర్లో ఇచ్చింది. అక్కడి అబ్బాయి దాన్ని అను ఫాంట్లలో కొట్టి వర్డ్‌లో పెట్టాడు. కథలో వచ్చే చెరువు ఫోటోలు మూడు, టీచర్ ఫోటో ఒకటి, ఫోన్లోంచి తీసి చివర అతికించాడు. సెంటర్ మెయిల్ ఐడీ నుంచే మాకు పంపాడు. సబ్జెక్టు లేదు. లోపల ఒక్క అక్షరం లేదు. ఫైలు పేరు ఇది:

```
New Microsoft Word Document (3).docx
```

వచ్చిన రోజున నేను చూశాను, తెరిచాను, చదివాను. బాగుంది అనుకున్నాను. నా పట్టికలో ఇరవై మూడో నంబరు వేసి కథ పేరు రాసుకున్నాను. తర్వాత ఓ ఆదివారం అన్ని జతలనూ దింపి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే, అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, ఏం చేయాలని కంప్యూటర్ అడిగింది. ఇంకో సెంటర్ నుంచి వచ్చిన ఇంకెవరిదో కథ పేరు కూడా అచ్చంగా అదే. ముందొకసారి ఎక్కించినవే మళ్లీ ఎక్కిస్తున్నాననుకుని 'రీప్లేస్' నొక్కేశాను. చప్పుడు కాకుండా ఒక కథ మీద ఇంకో కథ కూర్చుంది.

అయినా మెయిల్లో ఉందిగా? ఉంది, మూడు నెలల దాకా. ఈలోపు ముఖచిత్రం కోసం వచ్చిన పెద్ద పెద్ద బొమ్మల ఫైళ్లతో ఆ ఐడీకి ఉచితంగా దొరికే 15 జీబీ నిండింది. కొత్త మెయిళ్లు రావడం ఆగింది. మా మిత్రుడు చోటు చేయడానికి జీమెయిల్ వెతుకుడు పెట్టెలో ఇది కొట్టాడు:

```
larger:10M
```

పది ఎంబీ దాటిన మెయిళ్లన్నీ బయటికొచ్చాయి. వాటిలో ఒకటి ముక్కూమొహం తెలియని డీటీపీ సెంటర్ నుంచి వచ్చింది. విషయం లేదు, మాట లేదు, పేరులేని ఫైలు. ఏదో ప్రకటన అనుకున్నాడు. మిగతా చెత్తతో పాటు కొట్టేశాడు. చెత్తబుట్టలో ముప్పై రోజులుండి, ఆ తర్వాత అది శాశ్వతంగా వెళ్లిపోయింది. ప్రూఫుల దగ్గర కూర్చున్నప్పుడు ఇరవై మూడో కథ ఎక్కడని వెతికాం. కథ పేరు తెలుగులో కొడితే ఏమీ రాలేదు. టీచర్ పేరు కొట్టినా రాలేదు. మెయిల్ ఇంకా ఉండి ఉన్నా వచ్చేది కాదు. ఎందుకంటే ఆ మెయిల్లో ఆమె పేరు ఎక్కడా లేదు, కథ పేరు ఎక్కడా లేదు. ఫైలు లోపల ఉన్నది మన కంటికి తెలుగే గానీ, కంప్యూటర్ లెక్కలో రోమన్ అక్షరాల, గుర్తుల కలగాపులగం.

డీటీపీ సెంటర్‌కి పోయాం. సిస్టం ఫార్మాట్ కొట్టించాం సార్ అన్నాడు. కాగితాలు? టైపు అయినంక అవసరం లేదనుకున్నం సార్.

ఇంటికి పోయి చెప్పినప్పుడు టీచర్ కోప్పడలేదు. "మల్ల రాస్త తియ్ బిడ్డా. గని మల్ల రాస్తె గది గా కథ అయితదా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఇప్పుడు మీరడగొచ్చు, సాహిత్య పత్రికలో ఈ ఫైళ్ల గోల ఏమిటని. నన్ను చాలామంది అడిగారు. ఒక పెద్ద కవిగారైతే, "రాయడం మా పని. ఫైళ్లూ గీళ్లూ మీలాంటి టెక్నికల్ వాళ్లు చూసుకోవాలి" అన్నారు. ఆ మాట మీదే నాకు తగాదా.

ఆయన తరంవాళ్లకి వారపత్రికల కాలం బాగా గుర్తుండాలి. కాగితానికి ఒకవైపే రాయాలి. మార్జిన్ వదలాలి. రచన సొంతమేనని, అనువాదమో అనుకరణో కాదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం పెట్టాలి. తిప్పి పంపాలంటే చాలినన్ని స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు జతపరచాలి. ఈ నియమాలన్నీ ప్రతి రచయితకూ కంఠతా వచ్చు. కవరు బరువు ఎక్కువైతే అందుకునేవాళ్ల దగ్గర పోస్ట్‌మన్ ఫైను వసూలు చేస్తాడని, ముందే తక్కెట్లో తూయించి స్టాంపులంటించేవాళ్లు. అప్పుడెవరూ 'రాయడం మా పని, స్టాంపులు మీరు చూసుకోండి' అనలేదు. పంపడం కూడా రాయడంలో భాగమేనని అందరికీ తెలుసు. మరి కవరు పోయి మెయిలు రాగానే ఆ మర్యాద ఎటు పోయింది?

టీచర్ సంగతే చూడండి. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో పనిచేసింది. మండల విద్యాధికారికి ఎన్ని లెటర్లు రాసిందో లెక్కలేదు. ప్రతి లెటర్లో పైన 'విషయం:' ఉంటుంది, దాని కింద 'సూచిక:' ఉంటుంది, చివర ఎడమపక్కన 'జతపరచినవి: 3' అని ఉంటుంది. ఆ మూడు అంకె ఎందుకో ఆమెకు తెలుసు. టపా గుమాస్తా కవరు చించినప్పుడు లోపల రెండే కాగితాలుంటే, మూడోది దారిలో పోయిందో, పెట్టడం మరిచిపోయారో అడగడానికి అదొక్కటే ఆధారం. ఈ విద్య మనకు ఏ అమెరికా కంపెనీయో నేర్పాల్సింది కాదు. మన ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మెయిల్‌కు వచ్చేసరికి ఎందుకో దాన్ని బయట చెప్పులతో పాటు విడిచి లోపలికొస్తున్నాం.

నా వృత్తివాళ్లు ఇందులో ఏమీ తక్కువ తినలేదు. మా ఆఫీసు మెయిళ్లలో 'పీఎఫ్ఏ' అని మూడక్షరాలు పారేసి చేతులు దులుపుకుంటారు. ఏం జత చేశారు, ఎన్ని, ఎందుకు? అది తెరిచి తెలుసుకోవాల్సిన రహస్యం. లోపల `log.txt` ఉంటుంది. అలాంటి `log.txt`లు నా కంప్యూటర్లో ఓ డజనున్నాయి.

పేరు దగ్గర జరిగే పొరపాటు అసలు ఒక్కటే. పంపేవాడు తన గదిలో నిలబడి పేరు పెడతాడు. `katha.docx` అనే పేరు రాసినవాళ్ల కంప్యూటర్లో చాలా స్పష్టంగా ఉంటుంది, వాళ్లకున్న కథ అదొక్కటే కాబట్టి. మా ఫోల్డర్లో నలభై కథలున్నాయి. అక్కడ 'కథ' అనే పేరుకి అర్థమే లేదు. ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్లు `resume.docx` అని పంపడం కూడా ఇదే. పెళ్లిలో అన్నం దగ్గర వందమంది 'మా తమ్ముడు రాలేదు' అంటే ఎవరి తమ్ముడని వెతకాలి? అందుకే పేరు అందుకునేవాళ్ల గదిలో నిలబడి పెట్టాలి. అక్కడ ముందుగా కావాల్సింది ఎవరిది అన్నది, తర్వాత ఏది అన్నది, ఆ తర్వాత ఏ రోజుది అన్నది. నేనిప్పుడు ఇలా పెడుతున్నాను:

```
intiperu-peru_cheruvu-gattu_katha_2024-03-18.docx
```

చివరనున్న తేదీ గురించి ఒక మాట. `final`, `final2`, `final_correct`, `final_last` అనే వంశవృక్షం మనందరికీ తెలిసిందే. ఏది అసలైన చివరిదో రాసినవాళ్లకే తెలియని స్థితి వస్తుంది. ప్రతి సవరణకూ తేదీ మారిస్తే ఆ గొడవ ఉండదు. తేదీలో ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర ఉండాలి. అలా ఉంటే కంప్యూటర్ అక్షరక్రమంలో పేర్చినప్పుడు పాతది పైన, కొత్తది కింద వాటంతటవే సర్దుకుంటాయి. మనం రోజూ రాసే పద్ధతిలో `18-03-2024` అని పెడితే, మార్చి పద్దెనిమిదిది ఏప్రిల్ రెండుదానికన్నా కిందికి పోతుంది. అంతే తేడా, కానీ ప్రూఫుల రోజు అదే పెద్ద తేడా.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో గట్టిగానే పోట్లాడాడు. "తెలుగు కథకి ఇంగ్లీషు అక్షరాల పేరేంది? నువ్వు తెలుగు పత్రికల్లో రాసేటోడివి, సిగ్గులేదా?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. చాలావరకు ఈ రోజు ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగు పేర్లున్న ఫైళ్లను ఇబ్బంది లేకుండా తెరుస్తాయి కూడా. కానీ దారి మొత్తం ఒకేలా లేదు. మెయిల్ అనేది మొదట్లో మామూలు ఇంగ్లీషు అక్షరాల్ని మాత్రమే మోయడానికి కట్టిన బండి. తెలుగు పేరు దాంట్లో ఎక్కాలంటే వేషం మార్చుకోవాలి. 'కథ' అనే రెండక్షరాల పేరు మెయిల్ లోపల ఇలా ప్రయాణం చేస్తుంది:

```
filename*=UTF-8''%E0%B0%95%E0%B0%A5.docx
```

రెండక్షరాలకు పద్దెనిమిది గుర్తులు. అవతలి ప్రోగ్రామ్‌కి ఈ వేషం విప్పడం వస్తే మళ్లీ 'కథ' కనిపిస్తుంది. రాకపోతే ఈ శాతం గుర్తుల వరసే పేరుగా మిగులుతుంది, లేదా అడ్డగీతలో, ప్రశ్నార్థకాలో మిగులుతాయి. ఇంకో చిక్కు పొడవు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, లినక్స్ సర్వర్లలో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది. తెలుగు యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు, అంటే పద్దెనిమిది బైట్లు. లెక్కన పేరు మొత్తానికి ఎనభై అయిదు గుర్తులు దాటకూడదు. విండోస్ బైట్లు కాకుండా గుర్తులు లెక్కబెడుతుంది కాబట్టి అక్కడ ఇంకా పొడుగు పేరు కూడా చెల్లుతుంది. 'ఉగాది కథల పోటీకి' అని మొదలుపెట్టి కథ పేరు, రచయిత పేరు, ఊరు అన్నీ తెలుగులో గుదిగుచ్చిన పేరు విండోస్‌లో హాయిగా ఉండి, ఫోన్లోకి దించబోతే మొరాయించేది ఇందుకే.

అందువల్ల ఫైలు పేరు రోమన్‌లో, ఖాళీలు లేకుండా, పొట్టిగా ఉండాలంటాను. అది కవరు మీది పిన్‌కోడ్ లాంటిది. పిన్‌కోడ్ అంకెల్లో రాస్తే ఉత్తరంలోని తెలుగుకేం నష్టం లేదు.

అయితే రోమన్‌తో ఒక ప్రమాదం ఉందని నేను దాచను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల్ని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతికినవాళ్లకు ఇది అనుభవమే. `in.ernet.dli.2015` అని మొదలై, వెనకాల ఒక అంకెతో ముగిసే చిరునామాలు. పుస్తకం పేరేమో ఎవరో డేటా ఎంట్రీ చేసినవారి చెవికి వినిపించినట్టు రోమన్‌లో. దీర్ఘం ఒకచోట రెండు `a`లు, ఒకచోట ఒక్కటే. 'చ'కి ఒకచోట `ch`, ఒకచోట `c`. మనకు కావాల్సిన పుస్తకం కళ్లెదుటే ఉంటుంది, కానీ మనం వెతికే స్పెల్లింగుకి పలకదు. ఆ పుస్తకాల్ని స్కాన్ చేయడానికి పడిన కష్టమంతా ఆ పేరు దగ్గర సగం వృథా అయిందని నాకు ఎప్పుడూ బాధ. అంటే ఫైలు పేరు ఒక్కదాని మీదే భారం వేయకూడదు. అసలు పేరు, తెలుగు పేరు, దీర్ఘాలతో ఒత్తులతో సహా, వెతికితే దొరికేచోట ఇంకెక్కడో ఉండాలి. ఆ చోటు మెయిల్లోని మాటే.

మెయిల్ ఒంట్లో రెండు వాక్యాలు రాయడం మర్యాద కోసం అనుకుంటారు. మర్యాద సంగతి అటుంచండి, అది పనికొచ్చే వస్తువు. తెలుగు యూనికోడ్‌లో సబ్జెక్టు, ఒంట్లో కథ పేరు, రచయిత పేరు ఉంటే ఐదేళ్ల తర్వాత కూడా ఒక్క వెతుకులో దొరుకుతుంది. డీటీపీ సెంటర్ ఐడీ నుంచి వచ్చినా, కొడుకు ఐడీ నుంచి వచ్చినా దొరుకుతుంది. ఇంకోటి, చాలామంది గమనించనిది. వచ్చిన మెయిల్‌కి మనం 'రిప్లై' కొడితే పాత మాటలు కింద వెంట వస్తాయి గానీ జతచేసిన ఫైలు రాదు. 'ఫార్వర్డ్' చేస్తేనే వస్తుంది. సంపాదకుడు జవాబిచ్చి, దాంట్లో ఇంకో ఇద్దరిని కలిపాడనుకోండి. ఆ ఇద్దరికీ ఫైలు లేదు. మొదటి మెయిల్లో 'ఒక కథ, రెండు ఫోటోలు జత చేశాను' అని ఉంటే వాళ్లకు అడగాలని తెలుస్తుంది. ఖాళీ మెయిలైతే అసలు అక్కడ ఏదో ఉండేదన్న సంగతే వాళ్లకు తెలియదు.

జత చేయడం మరిచిపోతే జీమెయిల్ గుర్తుచేస్తుంది కదా అంటారు. ఇంగ్లీషులో 'అటాచ్డ్' లాంటి మాట రాసి ఫైలు పెట్టకపోతే అడుగుతుంది, నిజమే. నేను 'జత చేశాను' అని తెలుగులో రాసి ఉత్తచేతులతో పంపినప్పుడు మాత్రం నన్ను ఒక్కసారీ అడగలేదు. తెలుగులో రాసేవాళ్లం మన కాపలా మనమే కాసుకోవాలి.

నేను అడిగేది ఇంతే:

```
విషయం: కథ - చెరువు గట్టు - (రచయిత పేరు)

నమస్కారం. 'చెరువు గట్టు' అనే నా కథ పంపుతున్నాను.
వర్డ్ ఫైలు, యూనికోడ్, 45 కేబీ. ఫోటో వేరే ఫైలుగా ఉంది, 180 కేబీ.
పేరు, ఊరు, ఫోన్ నంబరు కథ మొదటి పేజీలో కూడా ఉన్నాయి.
జత: 2
```

ఆ మూడో వరస ఎందుకంటే, మెయిలూ ఫైలూ ఏదో ఒకనాడు విడిపోతాయి. ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడి నుంచి డిజైనర్ దగ్గరికి పోతుంది. దారిలో పేరు చివర `(1)` అనో `(2)` అనో తోకలు మొలుస్తాయి. లోపల కథ మీద రచయిత పేరుంటే తోకలెన్ని మొలిచినా ఫరవాలేదు. ఫైలు పేర్లోనే పేరుంది కదా అని లోపల రాయనివాళ్లున్నారు. వాళ్ల కథలు అనాథలు కావడానికి ఒక్క 'రీనేమ్' చాలు.

ఇక బరువు. టీచర్ కథలో అక్షరాల బరువు ముప్పై కేబీ ఉంటుందేమో. ఫోటోల బరువు పద్నాలుగు ఎంబీ. కథను చంపింది ఆ ఫోటోలే. అవి లేకుంటే పది ఎంబీల వలలో ఆ మెయిలు పడేదే కాదు. వర్డ్‌లో ఫోటోని మూల పట్టుకుని చిన్నది చేస్తే కంటికి చిన్నదవుతుంది గానీ బరువు తగ్గదు. అంచులు కత్తిరించినా, కత్తిరించిన ముక్క మామూలుగా లోపలే దాక్కుని ఉంటుంది. నమ్మకపోతే ఒక డాక్స్ ఫైలుకు నకలు తీసుకుని, దాని పేరు చివర `.docx` తీసి `.zip` పెట్టి తెరవండి. `word` అనే ఫోల్డర్లో `media` అనే ఇంకో ఫోల్డర్ కనిపిస్తుంది. మీరు అతికించిన ఫోటోలన్నీ అక్కడ వరసగా కూర్చుని ఉంటాయి. వర్డ్‌లో బొమ్మ మీద నొక్కితే పైన వచ్చే 'కంప్రెస్ పిక్చర్స్' వాడితే ఇది తగ్గుతుంది. కథకైతే అసలు ఫోటోలు ఫైల్లో పెట్టకపోవడమే మంచిది. విడిగా పంపితే కావాల్సినవాళ్లు తెరుచుకుంటారు.

జీమెయిల్ 25 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది కదా, 24 ఎంబీ పంపితే తప్పేంటని ఇంకొకాయన అడిగాడు. ఇందాకటి బండి సంగతే మళ్లీ. 1992 మార్చిలో నథానియెల్ బోరెన్‌స్టీన్ అనే ఇంజనీరు ఇప్పుడు మనం వాడే పద్ధతిలో మొదటి జతను పంపాడు. తన పాటల బృందం ఫోటో, వాళ్లు పాడిన పాట ముక్క. అక్షరాలు తప్ప మోయలేని మెయిల్లో ఫోటోని ఎక్కించడానికి ఆ పద్ధతి చేసే పని, ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చడం. మూడు వంతుల సరుకు నాలుగు వంతుల చోటు తింటుంది. అందుకే 18 ఎంబీ ఫైలు దారిలో 24 దాటుతుంది. 24 ఎంబీ ఫైలు 32 దాటుతుంది. మీ వైపు నుంచి బయల్దేరినా, తక్కువ హద్దున్న ఏదో ఆఫీసు సర్వర్ దగ్గర ఆగి వెనక్కొస్తుంది.

25 దాటితే జీమెయిల్ ఇంకో ఉపకారం చేస్తుంది. ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతుంది. అది జత కాదు, జత ఎక్కడుందో చెప్పే చిరునామా. పంపేటప్పుడు 'అవతలివారికి అనుమతి ఇవ్వాలా' అని అడిగితే తొందర్లో ఏదో నొక్కేస్తారు. అవతల మేం నొక్కితే 'మీకు అనుమతి లేదు' అని వస్తుంది. అనుమతి కోసం మేం పంపిన విన్నపం వాళ్లు చూడని మెయిల్లోకి పోతుంది. ఏడాది తర్వాత వాళ్లు డ్రైవ్ ఖాళీ చేస్తే మా దగ్గరున్నది ఒట్టి లింకే. పంపేవాళ్లు మాత్రం 'ఎప్పుడో పంపినం కదా' అనే నమ్మకంతోనే ఉంటారు.

ఇవన్నీ నియమాలు పెట్టి ఊళ్లలో రాసేవాళ్లను గడప దగ్గరే ఆపడమని ఒకామె నన్ను విమర్శించింది. ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. కానీ బరువు విషయంలో నేను తలకిందులుగా చూస్తాను. ముప్పై ఎంబీ ఫైలు వల్ల ఇబ్బంది నాకు కాదు, నా ఇంట్లో వైఫై ఉంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీచార్జి వేయించుకుని, నిండిపోయిన ఫోన్లో చోటు కోసం పిల్లల ఫోటోలు తీసేసే మనిషికి ఇబ్బంది. ఊళ్లో ఉన్న మిత్రుడికి కథ చదవమని పంపితే, తెరుచుకోక ఊరుకుంటాడు. తెరుచుకోలేదని చెప్పడానికి మొహమాటపడతాడు. మనమేమో నచ్చలేదు కాబోలు అనుకుంటాం.

ఆమె మాటలో నేను పూర్తిగా ఒప్పుకునేది ఒకటుంది. బాధ్యత పంపేవాళ్లది మాత్రమే కాదు. రచన అందగానే ఫైలు పేరు మార్చి దాచుకోవడం, 'ఫలానా కథ, ఒక ఫైలు, అందింది, తెరుచుకుంది' అని జవాబివ్వడం మా పని. మేం అది చేయలేదు. చేసి ఉంటే ఆ జవాబులోనైనా టీచర్ పేరు, కథ పేరు ఉండేవి. చాలా పత్రికలు ఇప్పటికీ చేయవు. రచయిత నెలల తరబడి అందిందో లేదో తెలియకుండా కూర్చుంటాడు. పేర్లు సరిగా పెట్టమని రచయితలకు చెప్పే హక్కు, అందిందని చెప్పే ఓపిక ఉన్న పత్రికకే ఉంటుందని నా అభిప్రాయం.

అను ఫాంట్ల గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి. ఇక్కడికి ఒక్క పరీక్ష చాలు. డీటీపీ సెంటర్ నుంచి ఫైలు రాగానే మొత్తం ఎంపిక చేసి ఫాంట్‌ను నిర్మలా యూఐకో, గౌతమికో మార్చి చూడండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్. పిచ్చి గుర్తులుగా విరిగిపోతే అను. ఆ ఫైలు ఆ ఫాంటున్న కంప్యూటర్లోనే తెలుగు. పీడీఎఫ్ చేసి పంపితే చదవడానికి బాగానే కనిపిస్తుంది, కానీ దాంట్లోంచి ఒక వాక్యం కాపీ చేయబోతే మళ్లీ అవే గుర్తులు. సెంటర్లో టైపింగుకి డబ్బులిచ్చేముందే 'యూనికోడ్‌లో కావాలె' అని చెప్పండి. చాలామందికి ఆ మాట అర్థమవుతుంది.

టీచర్ ఆ కథ మళ్లీ రాసింది. ఆర్నెల్లు పట్టింది. ఈసారి సెంటర్‌కి పోలేదు. మనవరాలు ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టిస్తే, ఒక వేలితో కొట్టుకుంది. పోయిన నెల సొంత ఐడీ నుంచి మెయిల్ వచ్చింది. విషయం తెలుగులో ఉంది. ఒంట్లో నాలుగు వరసలున్నాయి, మండల విద్యాధికారికి రాసినంత పద్ధతిగా. చివర ఎడమపక్కన 'జతపరచినవి: 1 (ఒకటి మాత్రమే)'.

కింద ఏ ఫైలూ లేదు.

వెంటనే ఫోన్ చేసిన. "టీచర్, జత ఒకటన్నరు, ఏం రాలే."

"రాలేదా? ఆగు బిడ్డా, లైన్ల ఉండు" అని మనవరాలిని కేకేసింది. రెండు నిమిషాలకు వచ్చింది. నలభై ఒక్క కేబీ. తెరిచాను, తెరుచుకుంది. 'అందింది' అని జవాబు కొట్టి, కథ పేరు, ఆమె పేరు తెలుగులో రాసి, అప్పుడు చదవడం మొదలుపెట్టాను.